పేజీ తీసేస్తామంటూ వచ్చే బెదిరింపు: అసలుదా, దొంగదా?

"మీ పేజీ మా కమ్యూనిటీ ప్రమాణాలను ఉల్లంఘించింది. 24 గంటల్లో అప్పీలు చేసుకోకపోతే శాశ్వతంగా తొలగిస్తాం. కింది లింకు నొక్కండి." ఫేస్‌బుక్‌లో పేజీ నడిపే వాళ్లలో ఈ సందేశం చూడనివాళ్లు తక్కువ. ఒక్కోసారి కాపీరైట్ పేరుతో వస్తుంది, ఒక్కోసారి ట్రేడ్‌మార్క్ పేరుతో, ఒక్కోసారి "మీ పేజీ మీద ఫిర్యాదులు వచ్చాయి" అంటూ. పైన మెటా నీలిరంగు గుర్తు, కింద ఒక కేసు నంబరు, ఆ కింద లింకు. వీటిలో చాలా భాగం దొంగవే. అయితే అన్నీ దొంగవి కావు. ఫేస్‌బుక్ నిజంగానే పేజీలు తీసేస్తుంది. అందుకే ఈ మోసం ఇంతకాలంగా నడుస్తోంది.

గుర్తుపట్టడానికి మామూలుగా చెప్పే చిట్కాలు మనకు తెలిసినవే. అక్షర దోషాలు చూడాలి, పంపినవాళ్ల మెయిల్ చిరునామా చూడాలి, అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉందో లేదో చూడాలి. పదేళ్ల క్రితం ఇవి పనికొచ్చాయి. ఇవాళ మోసగాళ్లు వీటిలో ప్రతిదాన్నీ దాటేశారు. ఎలా దాటారో చూస్తేనే, ఇంకా నమ్మదగినది ఏం మిగిలిందో తెలుస్తుంది.

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. మంగళగిరిలో లక్ష్మి గారనే ఆవిడ చేనేత చీరలు అమ్ముతారు. వారానికి రెండుసార్లు పేజీలో లైవ్ పెడతారు, చూసినవాళ్లు అక్కడే కామెంట్లలో బుక్ చేసుకుంటారు. అప్పుడప్పుడు ప్రకటన ఇవ్వడానికి తన ఫేస్‌బుక్ ఖాతాకు క్రెడిట్ కార్డు కూడా తగిలించి ఉంది. ఒక సాయంత్రం ఫోన్‌లో గంట గుర్తు దగ్గర ఎర్రచుక్క కనిపించింది. "Meta Page Policy Notice" అనే పేరున్న ఎవరో ఒక పోస్టులో ఆవిడ పేజీని ప్రస్తావించారట. తెరిస్తే పైన చెప్పిన బెదిరింపు.

గంట గుర్తు ఫేస్‌బుక్‌దే, నోటిఫికేషన్ కూడా ఫేస్‌బుక్ పంపినదే. కాబట్టి హెచ్చరిక కూడా ఫేస్‌బుక్‌దే అనిపించడం సహజం. జరిగింది వేరు. ఎవరో ఒక కొత్త పేజీ తెరిచి, దానికి మెటా బొమ్మ పెట్టి, ఒక పోస్టులో లక్ష్మి గారి పేజీని ట్యాగ్ చేశారు. ఎవరు ట్యాగ్ చేసినా గంట మోగుతుంది, చీర రంగు అడుగుతూ పక్కవీధి వాళ్లు ట్యాగ్ చేసినా సరే. ఇన్‌బాక్స్‌లోకి మెసెంజర్ ద్వారా వచ్చేవీ ఇలాంటివే. ఫేస్‌బుక్ తన నిర్ణయాలను ఇంకో పేజీ పోస్టులో మిమ్మల్ని ట్యాగ్ చేసి చెప్పదు, కామెంటులో చెప్పదు, మామూలు కస్టమరులా మీ పేజీ ఇన్‌బాక్స్‌కు వచ్చి కూడా చెప్పదు. ఈ మూడు దారుల్లో వచ్చినదాన్ని ఇంకేమీ చూడకుండా కొట్టిపారేయవచ్చు.

ఇక పేరు సంగతి. మెటా తన పేరును పోలిన పేర్లతో పేజీలు పెట్టనివ్వదు. దాన్ని తప్పించుకోవడానికి మోసగాళ్లు అక్షరాలనే మారుస్తారు. కంప్యూటరుకు అక్షరం అంటే ఒక సంఖ్య. ఇంగ్లీషు a సంఖ్య U+0061, రష్యన్ లిపిలోని а సంఖ్య U+0430. రెండూ కంటికి ఒకేలా కనిపిస్తాయి, యంత్రానికి మాత్రం వేర్వేరు. గణిత గ్రంథాల కోసం యూనికోడ్‌లో చేర్చిన లావు అక్షరాలను వాడేవాళ్లూ ఉన్నారు. పేరు కాస్త బొద్దుగా, పక్కనున్న అక్షరాలతో పొసగకుండా కనిపిస్తే కారణం ఇదే.

ఇంకో దారి కూడా ఉంది, ఎవరిదో పాత పేజీని కొట్టేసి పేరు మార్చడం. 2023 మే నెలలో ఇది పెద్ద వార్తే అయింది. లక్షల మంది అనుచరులున్న, నీలి టిక్కు ఉన్న కొన్ని పేజీలను హ్యాక్ చేసి, మెటా ప్రకటనల విభాగంలా కనిపించే పేర్లు పెట్టి, అదే ఫేస్‌బుక్‌లో డబ్బు కట్టి ప్రకటనలు నడిపారు. టిక్కు నిజమైనదే, పేజీ మాత్రం చేతులు మారింది. ఇలాంటిదాన్ని పట్టించే చోటు ఒకటుంది. ఏ పేజీకైనా పరిచయ భాగంలో Page transparency అనే విభాగం ఉంటుంది. ఆ పేజీ ఎప్పుడు పుట్టింది, ఇంతకుముందు ఏ పేర్లు ఉన్నాయి, నడిపేవాళ్లు ఏ దేశాల్లో ఉన్నారు అన్నవి అక్కడ కనిపిస్తాయి. నిన్నగాక మొన్న పుట్టిన పేజీ, లేదా నిరుడు ఒక పాటగాడి పేరుతో ఉన్న పేజీ, మెటా విధాన విభాగం కాజాలదు.

లక్ష్మి గారు ఇదంతా చూడలేదు. లింకు మీద వేలు పెట్టబోతుండగా అక్క కొడుకు ఆపాడు. "పిన్నీ, నొక్కకు. ముందు అది ఎక్కడికి పోతుందో చూద్దాం." ఫోన్‌లో లింకును నొక్కి పట్టుకుంటే, కంప్యూటరులో దాని మీద మౌస్ ఉంచితే, అసలు చిరునామా బయటపడుతుంది. అతనికి కనిపించింది ఇలాంటిది (.example అన్నది ఉదాహరణల కోసమే కేటాయించిన చివర, అలాంటి సైటు నిజంగా ఉండదు):

```
https://facebook.com.page-appeal.example/help/case-48213
```

మొదట్లో facebook.com కనిపించగానే మనసు కుదుటపడుతుంది. కానీ వెబ్ చిరునామాలో యజమాని పేరు చివర ఉంటుంది. రెండు ఏటవాలు గీతల తర్వాత మొదలై, మళ్లీ మొదటి ఒంటి ఏటవాలు గీత వచ్చేదాకా ఉన్న ముక్కను విడదీయండి. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. ఇక్కడ చివరి రెండు భాగాలు page-appeal.example. యజమాని అదే. దానికి ముందున్న facebook.com అన్నది ఆ యజమాని తనకు తోచినట్టు తగిలించుకున్న అలంకారం. (.co.in లాంటి చివరలు ఉన్నప్పుడు మూడు భాగాలు చూడాలి.) ఇంకో తెలివైన వేషం ఇది:

```
https://www.facebook.com@page-appeal.example/
```

@ గుర్తుకు ముందున్నదంతా వాడుకరి పేరుగా లెక్క. బ్రౌజరు వెళ్లేది దాని తర్వాత ఉన్న చోటికే.

లింకు చదవడం నేర్చుకున్నవాళ్లు కూడా పడిపోయే గుంట ఇంకోటుంది. ఫేస్‌బుక్‌లో ఎవరు బయటి లింకు పెట్టినా, దానికి ఫేస్‌బుక్ తన సొంత తొడుగు వేస్తుంది. ప్రమాదకరమైన సైట్లను దారిలోనే అడ్డుకునేందుకు 2008 నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. తొడుగు వేశాక లింకు ఇలా ఉంటుంది:

```
https://l.facebook.com/l.php?u=https%3A%2F%2Fpage-appeal.example%2F
```

ఇప్పుడు పైన చెప్పిన సూత్రం ప్రకారం చదివితే యజమాని నిజంగానే facebook.com. కానీ ఇది గుమ్మం మాత్రమే. అసలు గమ్యం u= తర్వాత ఉంది. %3A అంటే కోలన్, %2F అంటే ఏటవాలు గీత. విప్పి చదివితే మళ్లీ page-appeal.example దగ్గరికే వస్తాం. తొడుగు ఉండడం ఆ సైటు మంచిదనడానికి హామీ కాదు. ఫేస్‌బుక్‌కు ఆ క్షణానికి దాని గురించి చెడ్డ కబురు అందలేదని మాత్రమే అర్థం. గంట కిందట పుట్టిన దొంగ సైటు గురించి ఎవరికి మాత్రం తెలుస్తుంది?

లక్ష్మి గారు నొక్కి ఉంటే ఏమయ్యేదో చూద్దాం. ఈ మోసంలో అసలు పనితనం ఉన్నది అక్కడే. ముందు ఒక ఫారం తెరుచుకుంటుంది. పేజీ పేరు, మీ పేరు, మెయిల్, ఫోన్ నంబరు, పుట్టినతేదీ, "ఎందుకు తీసేయకూడదో వివరించండి" అని ఒక పెద్ద పెట్టె. ఆ పెట్టె ఎవరూ చదవరు. మనం నిజంగా అప్పీలు రాస్తున్నామన్న భ్రమ కలిగించడానికే అది. పంపు మీద నొక్కగానే "భద్రత కోసం పాస్‌వర్డ్ ఇవ్వండి" అని చిన్న పెట్టె వస్తుంది. ఇస్తే "పాస్‌వర్డ్ తప్పు, మళ్లీ ఇవ్వండి" అంటుంది. మొదటిసారి సరిగ్గా ఇచ్చినా అదే మాట. తొందరలో తప్పు కొట్టారేమోనని రెండుసార్లు తీసుకుని పోల్చుకోవడం ఒక లాభం. రెండోసారి మనం ఇంకో పాస్‌వర్డ్ ప్రయత్నిస్తే అదీ వాళ్ల ఖాతాలో పడడం ఇంకో లాభం.

తర్వాత ఓటీపీ. "మీ ఫోన్‌కు కోడ్ పంపాం, ఇక్కడ రాయండి" అని పక్కనే ఒక గడియారం తిరుగుతుంటుంది. కోడ్ నిజంగానే వస్తుంది, పంపింది నిజంగా ఫేస్‌బుక్కే. ఎందుకంటే అవతల కూర్చున్నవాడు, లేదా వాడి ప్రోగ్రాం, ఆ క్షణాన లక్ష్మి గారి పాస్‌వర్డుతో అసలు ఫేస్‌బుక్‌లో లాగిన్ అవుతున్నాడు. ఆవిడ ఇక్కడ రాసిన ఆరంకెలు వాడు అక్కడ కొట్టేస్తాడు. ఓటీపీ ఉంది కదా, ఎవరేం చేస్తారులే అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడని నిజం. ఫోన్‌కు వచ్చే కోడ్, ఆథెంటికేటర్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే కోడ్, రెండూ మనిషి చదివి టైపు చేసేవే. మనిషి తప్పుడు చోట టైపు చేస్తే వాటికి తెలియదు.

కొందరు పాస్‌వర్డ్ జోలికే పోరు. నీలి టిక్కు ఇస్తామనో, పేజీని కాపాడతామనో చెప్పి, బ్రౌజరు లోపలి పరికరాలు తెరిపించి c_user, xs అనే రెండు విలువలు కాపీ చేసి ఇమ్మంటారు. అవి కుకీలు. మొదటిది మీ ఖాతా సంఖ్య. రెండోది మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారనడానికి రుజువు. అది చేతికి చిక్కితే వాడికి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఏ సంస్థా ఎప్పుడూ వీటిని అడగదు.

ఈ ఫారం పేజీకి https ఉంటుందా? తప్పకుండా ఉంటుంది. ఆ ధ్రువపత్రం ఎవరికైనా ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది. దారిలో ఎవరూ తొంగిచూడలేరన్నదే దాని అర్థం, దారి చివర ఉన్నది మంచివాడని కాదు. జనం ఈ తేడా పట్టించుకోవడం లేదని గమనించి, గూగుల్ 2023 సెప్టెంబరులో క్రోమ్ అడ్రసు పట్టీలోంచి తాళం బొమ్మనే తీసేసింది.

ఇంతవరకూ చెప్పినవి కళ్లు తెరుచుకుని చూస్తే పట్టుబడేవి. ఇప్పుడు పట్టుబడనివి. 2023లో గార్డియో అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఒక మోసాన్ని బయటపెట్టారు. "మీ ఖాతాపై అనుమానాలున్నాయి" అంటూ మెటా పేరుతో మెయిల్ వస్తుంది. అది salesforce.com నుంచే వచ్చింది. ఆ సంస్థ మెయిల్ ఏర్పాటులో ఒక లోపాన్ని మోసగాళ్లు వాడుకున్నారు. లింకు నొక్కితే వెళ్లేది apps.facebook.com కు. అది నిజంగా ఫేస్‌బుక్ చిరునామాయే. ఫేస్‌బుక్ ఒకప్పుడు ఆటల కోసం తెరిచి, తర్వాత మూసేసిన వేదికలో పాత ఆటల కోసం కొంత భాగం మిగిలి ఉంది. అందులో వాళ్లు దొంగ ఫారం పెట్టారు. మెయిల్ చిరునామా అసలుది, లింకు చిరునామా అసలుది. కుడి నుంచి ఎడమకు చదివినా, ఎడమ నుంచి కుడికి చదివినా దొరకదు. ఆ ఏడాది జూలై చివరికి సేల్స్‌ఫోర్స్ తన లోపాన్ని సరిచేసింది.

2025లో ఇంకొంచెం ముందుకు పోయారు. చెక్ పాయింట్ సంస్థ చెప్పిన ప్రకారం, 5,000 మందికి పైగా వినియోగదారులకు 40,000కు మించిన దొంగ మెయిళ్లు వెళ్లాయి. పంపిన చిరునామా facebookmail.com. ఇది ఫేస్‌బుక్ నిజంగా వాడే మెయిల్ చిరునామాయే, ఎవరో నకలు చేసింది కాదు. మెటా బిజినెస్ సూట్‌లో ఒక వ్యాపారం ఇంకో వ్యాపారాన్ని భాగస్వామిగా ఆహ్వానించవచ్చు. ఆహ్వానిస్తే ఫేస్‌బుక్ తనే ఒక మెయిల్ పంపుతుంది, అందులో ఆహ్వానించిన వ్యాపారం పేరు ఉంటుంది. మోసగాళ్లు తమ వ్యాపారాన్ని మెటా విభాగంలా అలంకరించి, ఆహ్వానంలో తమకు కావలసిన ముక్కలు జొప్పించి, వేలమందికి పంపారు. మెయిల్ నకిలీదా కాదా అని సర్వర్లు చేసే పరీక్షలన్నీ అది పాసవుతుంది. పాసవ్వాలి కూడా, పంపింది ఫేస్‌బుక్ యంత్రాలే కదా.

ఈ రెండు కేసులూ చదివాక నాకు అనిపించేది ఒకటే. సందేశాన్ని ఎంత భూతద్దం పెట్టి చూసినా లాభం లేదు. చూడాల్సిన చోటు అది కాదు. కోర్టు నోటీసు అంటూ వీధిలో ఎవరో కాగితం చేతిలో పెడితే, కాగితం మీది ముద్రను గంటసేపు పరీక్షించే బదులు కోర్టుకు వెళ్లి ఆ కేసు నిజంగా నమోదైందో లేదో అడగడం మేలు. ఫేస్‌బుక్‌లో పేజీ మీద ఏ చర్య తీసుకున్నా అది ముందుగా నమోదయ్యేది ఖాతా లోపలే. మెయిల్ అయినా, నోటిఫికేషన్ అయినా ఆ నమోదు గురించి చెప్పే కబురు మాత్రమే.

అక్క కొడుకు చేసింది కూడా ఇదే. ఆ సందేశం మూసేశాడు. లింకు ముట్టుకోకుండా, ఫేస్‌బుక్ యాప్ విడిగా తెరిచి, లక్ష్మి గారి పేజీలోకి మారి, Professional dashboard లోంచి Page status చూశాడు. "పేజీకి ఏ సమస్యా లేదు" అని ఆకుపచ్చ గుర్తు. తర్వాత Help & support కింద Support Inbox చూశాడు. అదీ ఖాళీ. పేజీని బిజినెస్ ఖాతా ద్వారా నడిపేవాళ్లకు Business Support Home అనే చోటు కూడా ఉంటుంది. ఈ పేర్లు, అవి ఉండే స్థానాలు మెటా తరచూ మారుస్తుంది కాబట్టి కాస్త వెతుక్కోవలసి రావచ్చు. మెయిల్ వచ్చినప్పుడు ఇంకో చోటుంది. Accounts Center లో Password and security కింద Recent emails అనే భాగం. ఫేస్‌బుక్ ఈమధ్య మీకు పంపిన భద్రతా మెయిళ్ల జాబితా అక్కడ ఉంటుంది. అయితే 2025 నాటి ఆహ్వాన మెయిళ్ల లాంటివి వచ్చినప్పుడు ఈ జాబితా ఒక్కటే నమ్ముకోకూడదు. మెయిల్ అసలుదైనా అందులోని మాట అసలుది కాకపోవచ్చు. తుది మాట Page status దే.

నిజమైన చర్య ఉంటే అక్కడ ఏం కనిపిస్తుంది? ఫలానా తేదీన పెట్టిన ఫలానా పోస్టు తీసేశాం, ఫలానా నియమం కింద, అని ఆ పోస్టుతో సహా చూపిస్తుంది. కాపీరైట్ ఫిర్యాదైతే ఫిర్యాదు చేసినవాళ్ల వివరం, ఒక రిపోర్టు నంబరు ఉంటాయి. అక్కడే పునఃపరిశీలన కోరే బటన్ కూడా. దొంగ హెచ్చరికలో ఏ పోస్టో ఉండదు, ఏ పాటో ఉండదు, "మా విధానాలు ఉల్లంఘించారు" అనే గాలి మాట ఒకటే. వేలమందికి ఒకే పాఠం పంపేవాడికి మీ పేజీలో ఏముందో తెలియదు మరి. గడువులోనూ తేడా ఉంది. ఫేస్‌బుక్ ఒక ఖాతాను నిలిపివేసినప్పుడు అప్పీలుకు ఇచ్చే సమయం 180 రోజులు. 24 గంటల గడియారం మోసగాడికి కావాలి, ఎందుకంటే అతని సైటు ఎన్నాళ్లో నిలవదు. ఈలోపే ఎవరో రిపోర్టు కొడతారు.

ఒకవేళ తొందరలో నొక్కేసినా మనల్ని ఆపగలిగేవి రెండున్నాయి. ఒకటి పాస్‌వర్డ్ మేనేజర్. అది చిరునామాను అక్షరం అక్షరం పోల్చి, facebook.com కానిచోట పాస్‌వర్డ్ నింపదు. రోజూ తనంతట తాను నింపేది ఇవాళ నింపలేదంటే, చేత్తో టైపు చేసేముందు చిరునామా చూడాలి. రెండోది పాస్‌కీ. ఫేస్‌బుక్ మొబైల్ యాప్‌లకు 2025 జూన్‌లో దీన్ని ప్రకటించింది. పాస్‌కీ ఏ సైటు కోసం పుట్టిందో ఆ సైటుకే జవాబిస్తుంది. మనిషి మోసపోయినా అది మోసపోదు, ఎందుకంటే ఇందులో మనిషి చదివి టైపు చేసేదేమీ లేదు. కానీ ఖాతాలో పాత పాస్‌వర్డ్, ఓటీపీ దారి కూడా తెరిచి ఉంటే దొంగ ఫారం ఆ దారినే అడుగుతుంది. పైన చెప్పిన కుకీలను మీరే కాపీ చేసి ఇస్తే పాస్‌కీ ఏమీ చేయలేదు.

పాస్‌వర్డ్ ఇచ్చేసినట్టు తెలిసిందా, అప్పుడు వరస ముఖ్యం. పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే చాలదు, Where you're logged in అనే చోట మీవి కాని లాగిన్లన్నీ బయటకు పంపాలి. తర్వాత ఖాతాకు కొత్త మెయిల్, ఫోన్ నంబరు ఎవరైనా తగిలించారేమో చూడాలి. మూడోది చాలామంది మరిచిపోయేది, పేజీ నడిపే హక్కులున్నవాళ్ల జాబితా. మోసగాడు లోపలికి రాగానే చేసే మొదటి పని తన మనిషిని అక్కడ చేర్చడం. మీరు పాస్‌వర్డ్ మార్చుకుని హాయిగా పడుకుంటారు, ఆ చేరినవాడు తర్వాత మిమ్మల్నే తీసేస్తాడు. బిజినెస్ ఖాతా ఉంటే అందులోని వ్యక్తులు, భాగస్వాములు కూడా చూడాలి. నడుస్తున్న ప్రకటనలు ఆపేసి, తగిలించిన కార్డును బ్యాంకుకు చెప్పి నిలిపించాలి, ఎందుకంటే చాలాసార్లు వాళ్లకు కావలసింది మీ పేజీకన్నా మీ కార్డు మీద నడిచే ప్రకటనలే. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. ఖాతాలోకి వెళ్లలేకపోతే facebook.com/hacked అని మీరే టైపు చేసి తెరవాలి. ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నది ఎందుకంటే, పేజీ పోయిందని మీరు ఎక్కడైనా పోస్టు పెట్టగానే "నేను తిరిగి తెప్పిస్తాను" అంటూ ఇంకో దొంగ మెసెంజర్‌లోకి వస్తాడు.

లక్ష్మి గారి విషయంలో ఇవేవీ అవసరం పడలేదు. ఆ పోస్టును రిపోర్టు చేసి, ఆ పేజీని బ్లాక్ చేశారు. ఆ తర్వాత అక్క కొడుకు ఆవిడ పేజీకి తన ఖాతాను కూడా పూర్తి హక్కులతో చేర్చాడు. ఆవిడ ఖాతా ఎప్పుడైనా చేజారితే, కొత్తగా చేరినవాణ్ణి వెంటనే తీసేయడానికి బయట ఇంకొకరు ఉండాలి కదా.